మెస్ గోడ మీద రెండు వరుసల అంకెలు

జగిత్యాలలో, తర్వాత కోరుట్లలో, ఇప్పుడు సిరిసిల్లలో కాలేజీ పిల్లల హాస్టళ్లు చూసుకుంటూ వస్తున్నాను. మూడు చోట్లా మెస్ గోడ మీద వారం మెనూ రాసి ఉండేది. సోమవారం ఇడ్లీ, గురువారం పులిహోర, ఆదివారం చికెన్. ఏం వండుతామో ఆ కాగితం చెబుతుంది. ఆ వంటలో పిల్లల ఒంటికి పట్టేది ఎంత అన్నది మాత్రం చెప్పదు. ఒకరోజు ఒక విద్యార్థి వచ్చి, "సార్, జిమ్‌కు పోతున్న. మన మెస్సుల ప్రొటీన్ ఎంతుంటదో చెప్తరా?" అని అడిగాడు. నాకు తెలియలేదు. బియ్యం ఎన్ని బస్తాలు ఉన్నాయో, గ్యాస్ ఎన్ని రోజులకు వస్తుందో చెప్పగలను. పిల్లవాడు అడిగిందానికి జవాబు లేదు. ఆ వారమే లెక్క కట్టి, మెనూ పక్కన రెండు వరుసల అంకెలు రాసి నోటీసు పెట్టాను. ఒక వరుస కేలరీలది, రెండోది ప్రొటీన్‌ది. ఆ లెక్క ఎలా కట్టామో, అందులో ఏం బయటపడిందో ఈ పది నిమిషాల్లో చెబుతాను.

ముందుగా, ఈ లెక్క ప్లేటు దగ్గర మొదలుపెట్టకూడదు. ప్లేటులో ఉన్న అన్నంలో సగానికి మించి నీళ్లే. వంద గ్రాముల బియ్యం ఉడికితే రెండున్నర, మూడు రెట్ల బరువు అవుతుంది. ఒకరోజు మెత్తగా, ఒకరోజు పలుకుగా వస్తుంది. అందుకే లెక్క స్టోర్ రూమ్ దగ్గర మొదలుకావాలి. ఈ పూటకు తూకం వేసి ఇచ్చిన బియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ఎంత అని రిజిస్టర్‌లో ఉంటుంది. దాన్ని ఆ పూట తిన్నవాళ్ల సంఖ్యతో భాగించాలి. హాజరు పట్టీలో ఉన్న సంఖ్యతో కాదు, కంచం పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్ల సంఖ్యతో. శనివారం సాయంత్రం బస్సులెక్కి ఊళ్లకు పోయే పిల్లలు ఎంతమందో వార్డెన్లకు తెలుసు. 120 మందికి తీసిన పప్పును 96 మంది తింటే తలకు వచ్చేది వేరు.

తలకు ఎంత వచ్చిందో తెలిశాక, ఆ సరుకులో ఏముందో చూడాలి. దానికి మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పదార్థాల పట్టికలు ఉన్నాయి. వండని సరుకు వంద గ్రాములకు అందులో లెక్క ఇచ్చారు. బియ్యంలో 356 కేలరీలు, దాదాపు 8 గ్రాముల ప్రొటీన్. కందిపప్పులో 330 కేలరీలు, 22 గ్రాముల దగ్గర ప్రొటీన్. పల్లీల్లో 520 కేలరీలు, దగ్గర దగ్గర 24 గ్రాములు. ఒక కోడిగుడ్డుకు 70 కేలరీలు, ఆరు, ఆరున్నర గ్రాములు. నూనెకు గ్రాముకు 9 కేలరీలు, ప్రొటీన్ సున్నా. ఈ నాలుగైదు అంకెలు చేతిలో ఉంటే హాస్టల్ వంటలో ముప్పాతిక వంతు లెక్క తేలిపోతుంది.

జగిత్యాలలో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, సన్నబియ్యంల బలం ఎక్కువుంటదా, దొడ్డుబియ్యంలనా?" పొలాస పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు పండే నేల కనుక అక్కడ ఈ ప్రశ్న రావడం సహజం. 2015 జనవరి నుంచి ప్రభుత్వ హాస్టళ్లకు సన్నబియ్యమే వస్తున్నాయి. అన్నం తినబుద్ధి అవుతుంది, పారబోసేది తగ్గుతుంది. కేలరీలు, ప్రొటీన్ విషయంలో మాత్రం పాలిష్ పట్టిన సన్నానికీ దొడ్డుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మా నోటీసులో రెంటికీ ఒకే అంకె వేశాం.

ఇప్పుడు రెండు రోజుల మెనూ చదువుతాను. మొదటిది సోమవారం.

పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్లి చట్నీ. ఇడ్లీ రవ్వ 60 గ్రాములు, మినప్పప్పు 20, చట్నీకి పల్లీలు 20 గ్రాములు. మొత్తం సుమారు 400 కేలరీలు, 14 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యంతో అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో గట్టి పప్పు, ఒక కూరగాయ, చిన్న గిన్నెడు పెరుగు. నూనెతో కలిపి 830 కేలరీలు, 23 గ్రాములు. సాయంత్రం చాయ్, గుప్పెడు శనగ గుగ్గిళ్లు. 215 కేలరీలు, 8 గ్రాములు. రాత్రి 130 గ్రాముల బియ్యంతో అన్నం, గుడ్డు కూర, సాంబారు, మజ్జిగ. 725 కేలరీలు, 21 గ్రాములు. రోజంతా కలిపితే 2170 కేలరీలు, 66 గ్రాముల ప్రొటీన్.

ఇక గురువారం. పొద్దున పులిహోర. 500 కేలరీలు, 10 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, ఆలుగడ్డ ఫ్రై, పలచటి పప్పుచారు, కొంచెం పెరుగు. 870 కేలరీలు, 18 గ్రాముల లోపు. సాయంత్రం చాయ్, నాలుగు బిస్కెట్లు. 210 కేలరీలు, 4 గ్రాములు. రాత్రి అన్నం, క్యాబేజీ కూర, చారు, మజ్జిగ. 620 కేలరీలు, 13 గ్రాములు. కలిపితే 2200 కేలరీలు, 45 గ్రాముల ప్రొటీన్.

రెండు రోజులను పక్కపక్కన పెట్టి చూడండి. కేలరీలు రెండు రోజులూ ఒకటే. గురువారం ఒక ముప్పై ఎక్కువే. పిల్లల కడుపు రెండు రోజులూ ఒకేలా నిండింది. ప్రొటీన్ మాత్రం 66 నుంచి 45కు పడిపోయింది. దీన్ని కడుపు చెప్పదు, నాలుక చెప్పదు. ఆలుగడ్డ ఫ్రై ఉన్న రోజు పిల్లలు రెండోసారి అన్నం అడిగి మరీ తింటారు. గురువారం మీద మూడు చోట్లా నాకు ఒక్క ఫిర్యాదు రాలేదు.

ఎవరికి ఎంత కావాలి? జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం 65 కిలోల మగవారికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల ఆడవారికి 46 గ్రాములు. మీ బరువును కిలోల్లో తీసుకుని 0.83తో హెచ్చవేస్తే మీ అంకె వస్తుంది. 60 కిలోల పిల్లవాడికి 50 గ్రాములు. ఇంటర్ చదివే పదహారు, పద్దెనిమిదేళ్ల అబ్బాయిలు ఇంకా ఎదుగుతుంటారు కనుక వాళ్ల బరువు తక్కువైనా 55 గ్రాములు చెప్పారు. కేలరీలైతే ఎక్కువగా కూర్చుని పనిచేసే మగవారికి 2110, ఒంటి శ్రమ ఒక మాదిరిగా ఉన్నవారికి 2710. ఆడవారికి 1660, 2130. కబడ్డీ ఆడే పిల్లవాడికి మా 2200 చాలదు. ఇంకో 50 గ్రాముల బియ్యం అన్నం ఎక్కువ తింటే 180 కేలరీలు వస్తాయి. అన్నం అడిగినంత పెడతాం కనుక కేలరీల లోటు దానంతట అది తీరుతుంది. ప్రొటీన్ లోటు అలా తీరదు.

గురువారం లెక్కలో ఇంకో సంగతి ఉంది. ఆ 45 గ్రాముల్లో 30 గ్రాములు బియ్యం నుంచి వచ్చినవే. ఆ రోజు మూడు పూటలా కలిపి 380 గ్రాముల బియ్యం వండాం. బియ్యంలో ఉన్న ప్రొటీన్ మంచిదే. కానీ శరీరం దాన్ని పూర్తిగా వాడుకోవడానికి కావలసిన లైసిన్ అనే భాగం అందులో తక్కువ. పప్పులో అదే ఎక్కువ. పప్పులో తక్కువగా ఉండే మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ ఒకే కంచంలో కలిస్తే ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది. మూడు వంతుల ధాన్యానికి ఒక వంతు పప్పు ఉండాలని పోషకాహార సంస్థ చెబుతుంది. గురువారం మా హాస్టల్లో 380 గ్రాముల బియ్యానికి కందిపప్పు 12 గ్రాములు. ముప్పై వంతులకు ఒక వంతు. నోటీసు రాస్తూ ఈ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడ చదివే పిల్లలకు పాలిచ్చే గేదె దాణాలో చెక్క ఎంత వేయాలో, తవుడు ఎంత వేయాలో, మాంసకృత్తులు ఎంత శాతం రావాలో లెక్క కట్టడం పాఠంగా ఉంటుంది. పశువుకు అంత శ్రద్ధగా కట్టే లెక్క మన పిల్లల కంచానికీ కట్టాలి.

ఇప్పుడు పప్పు దగ్గరికి వస్తాను. నోటీసులో అంకె నిజమా అబద్ధమా తేలేది పప్పు గరిటె దగ్గరే. సోమవారం 120 మందికి తలకు 30 గ్రాముల చొప్పున 3 కిలోల 600 గ్రాముల కందిపప్పు తూకం వేసి ఇచ్చాం. టమాటాతో గట్టిగా వండితే అది నాలుగు రెట్లయి 14 కిలోల 400 గ్రాములు తూగింది. మా గరిటెకు 120 గ్రాములు పడుతుంది. అంటే 120 గరిటెలు, ఒక్కొక్క గరిటెలో ఆరున్నర గ్రాముల ప్రొటీన్. నోటీసులో అదే రాశాం.

ఒక సోమవారం పన్నెండున్నరకు చూస్తే గిన్నె సగం ఖాళీ అయింది, వరుస మాత్రం సగానికి మించి ఉంది. ముందు వచ్చినవాళ్లు రెండేసి గరిటెలు వేసుకున్నారు. వంట మాస్టరు ఒక పెద్ద చెంబుతో వేడినీళ్లు తెచ్చి పోశాడు. మళ్లీ ఒకసారి, మళ్లీ ఒకసారి. లెక్క చూస్తే దాదాపు ఐదు లీటర్లు. రంగు అంతగా మారలేదు, పసుపు ఉంది కదా. ఉప్పు, కారం ఇంకొంచెం వేశాడు, రుచి కూడా సరిపోయింది. మొత్తం గిన్నెకు ముందే ఆ నీళ్లు పోసి ఉంటే ఆరున్నర గ్రాములు ఐదుకు దిగేవి. సగం గిన్నెకు పోశాడు కనుక చివరి పిల్లలకు నాలుగు గ్రాములు కూడా పడలేదు. నోటీసులో అందరికీ ఒకే అంకె ఉంది.

నేను వంట మాస్టరును తప్పుపట్టలేదు. వరుసలో ఉన్న పిల్లవాడికి "పప్పు అయిపోయింది" అని ఆయన ఎలా చెబుతాడు? తప్పు నాది. రెండోసారి వేసుకునేవాళ్ల కోసం లెక్కలో చోటు పెట్టలేదు. తర్వాతి వారం నుంచి ఇంకో కిలో పప్పు ఎక్కువ తీశాం. రెండో గరిటె అందరికీ మొదటిది అందాకే అని గిన్నె దగ్గర రాసి పెట్టాం.

సిరిసిల్లలో ఈ సంగతి పిల్లలకు చెప్పడం తేలికైంది. సగం మంది ఇళ్లలో మరమగ్గాలు ఉన్నాయి, లేదా అమ్మానాన్నలు మగ్గాల మీద పనిచేస్తారు. "బట్ట పొడవు మీటరే. అంగుళానికి పోగులు తగ్గిస్తే ఏమైతది?" అని అడిగాను. "పలచనైతది సార్" అన్నారు. పప్పు కూడా అంతే. గరిటె అదే, అందులో పోగులు తగ్గాయి.

పప్పు గట్టిదా పలచనా అన్నది తూకం లేకుండానే తెలుస్తుంది. అన్నం మధ్యలో గుంట చేసి పప్పు పోయించుకోండి. గుంటలో నిలిచి అన్నానికి పట్టుకుంటే అది పప్పు. అన్నం కిందికి జారి ప్లేటు అంచు పట్టుకుని తిరిగితే అది చారు. ఇంకో పరీక్ష కూడా ఉంది. గిన్నెను పది నిమిషాలు కదపకుండా ఉంచితే పప్పు అడుగుకు దిగుతుంది, పైన నీరు తేలుతుంది. అప్పుడు ముందు వచ్చినవాడికి నీళ్లు, చివర వచ్చినవాడికి అడుగు పప్పు దొరుకుతాయి. వడ్డించేవాళ్లు ప్రతి గరిటెకూ అడుగు నుంచి కలిపి తీయాలి. సాంబారు గిన్నె దగ్గర ఇది ఇంకా ముఖ్యం.

నోటీసులో "సుమారు" అన్న మాట ప్రతి అంకె పక్కనా రాశాం. ఎందుకో కూడా చెప్పాలి. అన్నిటికన్నా అంతుచిక్కనిది నూనె. పూరీ రోజు మూకుడులో పోసిన నూనె అంతా కడుపులోకి పోదు. అందుకే వేయించే ముందు కొలిచి, అయ్యాక చల్లార్చి మళ్లీ కొలిచాం. ఆరు లీటర్లు పోస్తే నాలుగు లీటర్ల 200 మిల్లీలీటర్లు మిగిలింది. పూరీలు తాగిన లీటరు 800ను 120 మందికి పంచితే తలకు 14 గ్రాముల లోపు, అంటే 120 కేలరీలు. కొలవకుండా ఊహించి రాస్తే ఇక్కడే వంద కేలరీలు అటూఇటూ అవుతాయి. ఇక పారబోసేది ఒకటి. ఒక రాత్రి చెత్త బకెట్ తూకం వేస్తే 9 కిలోలు ఉంది. తలకు 75 గ్రాముల అన్నం, కూర. సుమారు వంద కేలరీలు నోటీసులో ఉన్నాయి గానీ ఎవరి ఒంట్లోకీ పోలేదు. ఇవన్నీ కలిపి చూస్తే మా అంకెల్లో పదిలో ఒక వంతు అటూఇటూ తేడా ఉండవచ్చు. అయినా 66కు, 45కు మధ్య ఉన్న దూరం ఆ తేడాలో కలిసిపోయేంత చిన్నది కాదు.

ఇంకో మాట కూడా నోటీసు అడుగున రాశాం. పాలకూర, తోటకూర, సొరకాయ పక్కన అంకెలు చిన్నగా ఉంటాయి. అవి పనికిరానివని కాదు. ఇనుము, విటమిన్లు, పీచు ఈ రెండు వరుసల్లో కనిపించవు. ఈ నోటీసు రెండు సంగతులే చెబుతుంది, అన్నీ చెప్పదు.

ఆదివారం చికెన్ గురించి పిల్లలకు పెద్ద నమ్మకం. "ప్రొటీన్ అంటే ఆదివారమే గద సార్" అంటారు. 120 మందికి 12 కిలోల చికెన్ తెస్తే తలకు వంద గ్రాములు. ఎముక తీసేస్తే 70 గ్రాముల మాంసం మిగులుతుంది. అందులో 14 గ్రాముల ప్రొటీన్. అంటే రెండు గుడ్లకు కొంచెం ఎక్కువ. మంచి తిండే, కాదనను. కానీ నూనెను, చక్కెరను శరీరం కొవ్వుగా దాచుకున్నట్టు ప్రొటీన్‌ను దాచిపెట్టుకోలేదు. ఆదివారం తిన్న చికెన్ గురువారం లోటును పూడ్చదు. ఏ రోజుది ఆ రోజు పడాలి.

ఇంత లెక్క కట్టాక మేం మెనూలో మార్చింది మూడే మూడు. గురువారం పలచటి పప్పుచారు తీసేసి 30 గ్రాముల గట్టి పప్పు పెట్టాం, నాలుగు గ్రాములు పెరిగింది. బిస్కెట్ల చోట శనగ గుగ్గిళ్లు పెట్టాం, మరో నాలుగు. రాత్రి ఒక గుడ్డు, ఆరున్నర. గుడ్డు తినని పిల్లలకు ఉడికించిన పల్లీలు 30 గ్రాములు, దాదాపు అంతకంతే. 45 ఉన్న గురువారం 59 దాటింది. ఆలుగడ్డ ఫ్రై అలాగే ఉంచాం, పిల్లలకు ఇష్టం కదా.

ఖర్చు మాటా చెప్పాలి. 2024 డిసెంబర్‌లో ప్రభుత్వం హాస్టళ్లకు ఉమ్మడి డైట్ మెనూ తెచ్చినప్పుడు మెస్ ఛార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1500 రూపాయలు ఉన్నది 2100 అయింది. రోజుకు 70 రూపాయలు. అందులోనే మూడు పూటలు, సాయంత్రం చాయ్. ఈ 70 రూపాయల్లో రోజూ చికెన్ రాదు. పప్పు, శనగలు, పల్లీలు, గుడ్డు వస్తాయి. వారానికి ఒక్కరోజు పెట్టే ఖరీదైన వంటకన్నా ప్రతి రోజూ ఒక గుప్పెడు గుగ్గిళ్లు ఎక్కువ పని చేస్తాయని మా నోటీసులోని రెండో వరుస చూపించింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్లలో ఈ ప్రసంగం వింటున్న వార్డెన్లకు, మెస్ కమిటీ పిల్లలకు ఒక విన్నపం. ఈ వారం స్టోర్ రిజిస్టర్ తీయండి. ఏడు రోజులకూ తలకు వచ్చిన పప్పు, శనగలు, పల్లీలు, గుడ్లు మాత్రం లెక్క కట్టండి. బియ్యం గురించి ఇప్పుడు బెంగ వద్దు. ఏడు రోజుల్లో ఏ రోజు అన్నిటికన్నా తక్కువ వచ్చిందో చూసి ఆ రోజు పేరు చుట్టూ ఒక గీత గీయండి. వచ్చే వారం గుడ్డు పెట్టాల్సింది ఆ రోజే.